పురుగు ఒకటి ఎక్కువైతే తర్వాతి తరం ఎటు పోతుంది? రికర్ మోడల్‌తో చక్రాలు, కేయాస్ మీరే వేసి చూడండి

పిండి డబ్బాను కొన్ని నెలలు పట్టించుకోకుండా వదిలేస్తే అందులో ఎర్రగా, సన్నగా ఉండే చిన్న పెంకు పురుగులు పట్టడం మనందరం చూసిందే. శాస్త్రవేత్తలు దీన్ని ట్రైబోలియం అంటారు. మొదట నాలుగు కనిపిస్తాయి, తర్వాత నలభై, ఆ తర్వాత డబ్బా నిండా. అక్కడి నుంచి ఏమవుతుంది? పిండి పరిమితం కాబట్టి సంఖ్య పెరిగి పెరిగి ఒక చోట ఆగిపోతుందని బడి పుస్తకాల్లో ఎస్ ఆకారం గీత గీసి చూపిస్తారు. కానీ తరానికి ఒకసారి లెక్కపెట్టే మోడల్‌లో, సంతానం రేటు కాస్త ఎక్కువగా ఉంటే, ఆ సంఖ్య ఆగదు. రెండు అంకెల మధ్య ఊగుతుంది, ఇంకా పెంచితే నాలుగింటి మధ్య, ఇంకా పెంచితే పాత అంకెలకు ఎప్పటికీ తిరిగి రాని దారిలో తిరుగుతుంది, దీన్నే కేయాస్ అంటారు. బయటి నుంచి వానా ఎండా ఏదీ కలపకుండానే ఇదంతా జరుగుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఫార్ములా తప్పు టైప్ చేశాననుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను.

ఇది అర్థం కావాలంటే చదవడం కన్నా వేసి చూడటమే మేలు. గూగుల్ షీట్స్ గానీ ఎక్సెల్ గానీ ఉంటే చాలు, చివర్లో ఒక బొమ్మకు మాత్రం పైథాన్ కావాలి.

ముందు ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం

కెనడా మత్స్య శాస్త్రవేత్త డబ్ల్యూ. ఇ. రికర్ 1954లో చేపల సంతానం గురించి రాస్తూ వాడిన ఫార్ములా ఇది:

```
N(t+1) = N(t) * exp( r * (1 - N(t)/K) )
```

N అంటే ఈ తరంలో ఉన్న జీవుల సంఖ్య. గుంపు ఒత్తిడి ఏమీ లేకపోతే ఒక్కో జీవి తర్వాతి తరానికి `exp(r)` జీవుల్ని ఇస్తుంది. అంటే r = 1 అయితే 2.7 రెట్లు, r = 2 అయితే 7.4 రెట్లు, r = 3 అయితే 20 రెట్లు. K అంటే సంఖ్య పెరగకుండా, తగ్గకుండా సరిగ్గా నిలిచే స్థాయి.

మిగతా భాగమే అసలు విషయం. గుంపు పెరిగేకొద్దీ ఒక్కో జీవికి మిగిలే సంతానం తగ్గడాన్ని డెన్సిటీ డిపెండెన్స్ అంటారు. ఇక్కడ అది ఎందుకు `exp` రూపంలో ఉందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఫార్ములాను బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. గుడ్లను పెద్ద పురుగులే తినేస్తాయనుకోండి. డబ్బాలో తిరిగే ఒక్కో పెద్ద పురుగు ఒక గుడ్డుకు ఎదురుపడి దాన్ని తినే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఒక పురుగు నుంచి గుడ్డు తప్పించుకునే అవకాశం 0.97 అయితే, రెండింటి నుంచి తప్పించుకోవడం 0.97 × 0.97, వంద పురుగుల నుంచి అయితే 0.97ను వందసార్లు గుణించాలి, అది 0.05 కంటే తక్కువే. అలా గుణించుకుంటూ పోతే వచ్చేదే `exp`. ప్రతి అదనపు పురుగు ఇంత సంఖ్య అని కాదు, ఇంత శాతం చొప్పున కోత పెడుతుంది. అందుకే గుంపు ఒక హద్దు దాటితే తర్వాతి తరం మొత్తమే పడిపోతుంది, కేవలం పెరుగుదల ఆగడం కాదు. పెద్దవి ఎక్కువైతే పిల్లలు *తక్కువ* అవుతాయి. ఈ అతి స్పందనే తర్వాత జరిగే అన్నిటికీ మూలం.

మొదటి పని: షీట్ తయారు చేయడం

E1 గడిలో r, E2 గడిలో K వేయండి. K కి 100 వేద్దాం, చదవడానికి తేలిక. B2 లో మొదటి సంఖ్య 10. B3 లో ఇది రాసి కింద 1001వ వరస దాకా లాగండి:

```
=B2*EXP($E$1*(1-B2/$E$2))
```

డాలర్ గుర్తులు మరిచిపోతే కిందికి లాగినప్పుడు E1 కాస్తా E2, E3 అయిపోతుంది, అంకెలు పిచ్చిగా వస్తాయి, అదే కేయాస్ అనుకుని సంబరపడే ప్రమాదం ఉంది. B నిలువు వరసకు లైన్ చార్ట్ పెట్టుకోండి, మొదటి 50 తరాలకు చాలు.

ఇప్పుడు E1 లో 0.5 వేస్తే 10, 16, 24, 35, 48, 63 అలా మెల్లగా ఎక్కి 100 దగ్గర ఆగుతుంది. పుస్తకంలో గీత ఇదే. 1.5 వేయండి: 10, 39, 97, 101.5, 99.2, 100.4, 99.8. వందను కాస్త దాటింది, కాస్త కిందికి వచ్చింది, మళ్లీ కాస్త పైకి, అలా ఊగి కుదురుకుంది. ఇక 2.3 వేయండి: 10, 79, 128, 68, 143, 54, 156, 43, 159.5, 40.6. ఇది కుదురుకోవడం లేదు, ఊపు పెరుగుతోంది. కానీ అదుపు లేకుండా పెరగడమూ లేదు, 40.8, 159.2 అనే రెండు అంకెల మధ్య స్థిరపడి ఒక తరం అటు, ఒక తరం ఇటు తిరుగుతూనే ఉంటుంది. మొదటి సంఖ్య 10 తీసి 70 వేసినా చివరికి ఈ రెండింటికే వస్తుంది. సరిగ్గా 100 వేస్తే మాత్రం 100 లోనే ఉండిపోతుంది. ఎందుకో కింద తెలుస్తుంది.

రెండో పని: వంద దగ్గర ఒక్క పురుగు అదనంగా వేసి చూడటం

1.5 కి కుదురుకున్నది 2.3 కి ఎందుకు కుదురుకోలేదు? దీన్ని నిక్కచ్చిగా చూడాలంటే B2 లో 101 వేయండి, అంటే K కన్నా ఒక్కటి ఎక్కువ. r = 1.5 అయితే తర్వాతి తరం దాదాపు 99.5. అంటే +1 తేడా కాస్తా −0.5 అయింది. దాని తర్వాత +0.25, ఆ తర్వాత −0.12. ప్రతిసారీ దిక్కు మారుతోంది, కానీ సగానికి తగ్గుతోంది. r = 2.3 తో అదే 101 వేస్తే తర్వాతి తరం 98.7, అంటే +1 తేడా −1.3 అయింది. దాని తర్వాత దాదాపు +1.7. దిక్కు మారుతూ పెరుగుతోంది.

ఈ గుణకం ఎప్పుడూ `1 - r` అవుతుంది. ఫార్ములాను N తో అవకలనం చేసి N = K అని పెడితే నేరుగా వస్తుంది, కాగితం మీద రెండు లైన్ల పని, ఒకసారి చేసి చూడండి. K దగ్గర తేడా ఎంత ఉన్నా తర్వాతి తరంలో అది `1 - r` రెట్లు అవుతుంది. r ఒకటి లోపు ఉంటే గుణకం ధనాత్మకం, మెల్లగా ఒకే వైపు నుంచి చేరుకుంటుంది. 1, 2 మధ్య ఉంటే రుణాత్మకం కానీ ఒకటి కంటే చిన్నది, ఊగుతూ కుదురుకుంటుంది. 2 దాటితే ప్రతి తేడా పెద్దదవుతుంది కాబట్టి K అక్కడే ఉన్నా దాని దగ్గర ఎవరూ నిలవలేరు. నిటారుగా నిలబెట్టిన పెన్సిల్ లాంటిది. అందుకే సరిగ్గా 100 వేస్తే 100 లోనే ఉంటుంది, 100.001 వేస్తే కాసేపటికి జారిపోతుంది.

ఇక్కడ ఆలస్యం పాత్ర కూడా గమనించాలి. కోత పడేది ఈ తరం సంఖ్యను బట్టి, ఫలితం కనిపించేది వచ్చే తరంలో. మధ్యలో సరిదిద్దుకునే అవకాశం లేదు. ప్రతి క్షణం పుట్టుక, చావు జరిగే మామూలు లాజిస్టిక్ సమీకరణంలో సంఖ్య K కి దగ్గరవుతుండగానే వేగం తగ్గిపోతుంది, అందుకే అక్కడ r ఎంత పెంచినా ఊగడం ఉండదు. షవర్‌లో వేడినీళ్ల కుళాయి తిప్పాక నీళ్లు మారడానికి అర నిమిషం పడితే మనం ఎలా అటూ ఇటూ అతిగా తిప్పుతామో, ఇదీ అలాగే.

మూడో పని: రెండు నాలుగవడం, నాలుగు ఎనిమిదవడం

E1 లో 2.6 వేయండి. మొదటి వంద తరాలు వదిలేసి తర్వాత చూస్తే 39, 190.5, 18, 152, మళ్లీ 39, 190.5, 18, 152. నాలుగు తరాల చక్రం. రెండు తరాల చక్రానికి ఏమైందంటే, దానికీ పైన K కి జరిగిందే జరిగింది. రెండేసి తరాల చొప్పున దూకుతూ చూస్తే చక్రంలోని ఒక్కో అంకె కూడా ఒక నిలకడ స్థానమే. దాని చుట్టూ తేడా ఎంత రెట్లు అవుతుందో అలాగే లెక్కించవచ్చు. r సుమారు 2.526 దాటినప్పుడు ఆ గుణకం −1 దాటుతుంది, అప్పుడు ఒక్కో అంకె రెండుగా చీలుతుంది. 2.656 దగ్గర నాలుగు ఎనిమిదవుతాయి. ఆ తర్వాత చీలికలు మరీ దగ్గర దగ్గరగా వచ్చేసి 2.692 దగ్గరికి వచ్చేసరికి అనంతమైపోతాయి. అక్కడి నుంచి కేయాస్ మొదలు. జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1974లో సైన్స్ పత్రికలో, 1976లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసాలు జీవశాస్త్రవేత్తలకు దీన్ని పరిచయం చేశాయి.

మొత్తం ఒకే బొమ్మలో చూడాలంటే షీట్ సరిపోదు, ఈ పైథాన్ ముక్క నడపండి:

```python
import numpy as np
import matplotlib.pyplot as plt

K = 100
for r in np.arange(1.5, 3.3, 0.003):
    N = 30.0
    for t in range(1000):
        N = N * np.exp(r * (1 - N / K))
    pts = []
    for t in range(150):
        N = N * np.exp(r * (1 - N / K))
        pts.append(N)
    plt.plot([r] * 150, pts, "k,")
plt.show()
```

మొదటి వెయ్యి తరాలు ఎందుకు పారేస్తున్నామో చెప్పాలి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా మొదటి బొమ్మలో 50 తరాలే పారేశాను, దాంతో r = 1.97 దగ్గరే గీత రెండుగా చీలినట్టు కనిపించింది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. r = 1.97 కి గుణకం −0.97, అంటే తేడా తరానికి 3 శాతం చొప్పునే తగ్గుతుంది, 50 తరాల తర్వాత కూడా మొదటి తేడాలో ఐదో వంతు ఇంకా మిగిలే ఉంటుంది. చీలిక దగ్గరికి వెళ్లేకొద్దీ కుదురుకోవడం నత్తనడక అవుతుంది. ఏ చక్రం గురించైనా మాట్లాడేముందు పారేసే తరాలు రెట్టింపు చేసి బొమ్మ మారుతుందేమో చూడండి.

బొమ్మలో r = 3.1 దాటాక ఉన్నట్టుండి నల్లమబ్బు విడిపోయి మూడు గీతలు కనిపిస్తాయి, అది మూడు తరాల చక్రం. కేయాస్ మధ్యలో ఇలాంటి కిటికీలు ఉంటాయి కాబట్టి r పెంచితే అల్లరి అంతకంతకూ పెరుగుతూనే పోతుందని అనుకోకూడదు.

నాలుగో పని: కేయాస్ అవునో కాదో తేల్చడం

E1 లో 3 వేసి రెండు వరసలు పక్కపక్కన నడపండి. ఒకటి 50 తో, ఇంకోటి 51 తో మొదలవ్వాలి. అంటే లెక్కపెట్టేటప్పుడు ఒక్క పురుగు తప్పిపోయిందనుకోండి.

మొదటిది: 50, 224, 5.4, 92, 116, 72, 167, 22, 230, 4.7, 82, 142, 40.
రెండోది: 51, 222, 5.7, 97, 106, 89, 125, 59, 202, 9.6, 144, 38, 244.

మొదటి మూడు తరాలు రెండూ కవలల్లా ఉన్నాయి. ఏడో తరానికి 22 ఎక్కడ, 59 ఎక్కడ. పన్నెండో తరానికి ఒకటి 40, ఇంకోటి 244. ఫార్ములాలో యాదృచ్ఛికం అన్నదే లేదు, అయినా ఒక్క పురుగు తప్పు లెక్క పన్నెండు తరాల్లో జోస్యాన్ని పనికిరాకుండా చేసింది. కేయాస్‌కు అసలు గుర్తు ఇదే, అంకెలు గజిబిజిగా కనిపించడం కాదు.

దీన్ని ఒక అంకెగా కొలవాలంటే C2 లో ఇది రాసి కిందికి లాగండి:

```
=LN(ABS(EXP($E$1*(1-B2/$E$2))*(1-$E$1*B2/$E$2)))
```

ఇది ఆ తరంలో తేడా ఎన్ని రెట్లు అయిందో దాని లాగరిథమ్. 200 వ వరస తర్వాత సగటు తీయండి, దీన్నే ల్యాపునోవ్ ఘాతాంకం అంటారు. సున్నా కంటే తక్కువైతే తేడాలు చచ్చిపోతున్నాయి, చక్రమో నిలకడో ఉంది. ఎక్కువైతే తేడాలు సగటున పెరుగుతున్నాయి, కేయాస్. r = 2.3 కి −0.9 దగ్గర వస్తుంది, r = 3 కి సున్నా కంటే పైన వస్తుంది. 2.3 కి మీకు −0.9 రాకపోతే ఫార్ములాలో తప్పుంది, అక్కడే ఆగి చూసుకోండి.

ఇంకో పరీక్ష నాకు చాలా ఇష్టం. `=AVERAGE(B202:B1001)` వేసి చూడండి. r 0.5 అయినా, 2.3 అయినా, 3 అయినా సగటు 100 దగ్గరే ఉంటుంది. 2.6 చక్రంలో 39, 190.5, 18, 152 కలిపితే దాదాపు 400. కారణం తేలికే: సంఖ్య అనంతానికి పోకుండా, సున్నాకు పడకుండా తిరుగుతోందంటే దీర్ఘకాలంలో పెరుగుదల రేటు సగటు సున్నా కావాలి, ఆ రేటు `r*(1 - N/K)` కాబట్టి N సగటు K కావాలి. అంటే సగటు మాత్రమే రాసి పెట్టుకున్న వాళ్లకు నిలకడగా ఉన్న గుంపు, కేయాస్‌లో ఉన్న గుంపు ఒకేలా కనిపిస్తాయి. కానీ రెండోది 246 దాకా ఎక్కి 3 దాకా పడుతోంది. మూడు పురుగులే మిగిలినప్పుడు ఒక చెడ్డ వారం చాలు, అంతా పోవడానికి. మోడల్‌లో సంఖ్య ఎప్పటికీ సున్నా కాదు, డబ్బాలో అవుతుంది.

ఐదో పని: నిజమైన లెక్కల దగ్గరికి వెళ్లినప్పుడు

మీ దగ్గర తరాలవారీ లెక్కలు ఉంటే r, K ఎలా తీయాలి? ప్రతి తరానికి `LN(N(t+1)/N(t))` కట్టి దాన్ని N(t) కి ఎదురుగా గీయండి. రికర్ మోడల్ సరిపోతే సరళరేఖ వస్తుంది, ఎడమ అంచున అది తాకే చోటు r, సున్నాను దాటే చోటు K. నాలుగో పనిలో 50 తో మొదలైన వరసనే తీసుకోండి: N = 50 దగ్గర విలువ 1.5, N = 224 దగ్గర −3.72. 174 పురుగులకు 5.22 పడింది, అంటే ఒక్కో పురుగుకు 0.03. వెనక్కి లాగితే సున్నా దగ్గర 3. మనం వేసిన r తిరిగి వచ్చింది.

నిజమైన లెక్కల్లో ఇంత శుభ్రంగా రాదు, పైగా ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. N(t) ని పొరపాటున ఎక్కువ లెక్కపెట్టామనుకోండి. అడ్డం అక్షం మీద అది కుడికి జరుగుతుంది, అదే తప్పు వల్ల నిష్పత్తి కిందికి పడుతుంది. అంటే డెన్సిటీ డిపెండెన్స్ అసలు లేకపోయినా కిందికి వాలిన గీత వచ్చేస్తుంది. కాబట్టి ఆ వాలు ఒక్కటే చూసి సంబరపడకండి. N(t+1) ని N(t) కి ఎదురుగా కూడా గీయండి. కేయాస్ అయితే కాలక్రమంలో ఎంత గజిబిజిగా ఉన్నా ఈ బొమ్మలో చుక్కలన్నీ ఒకే మూపురం గీత మీద కూర్చుంటాయి. వాతావరణం వల్ల వచ్చిన గజిబిజి అయితే మబ్బులా చెదిరిపోతాయి.

హాసెల్, లాటన్, పైన చెప్పిన రాబర్ట్ మే కలిసి 1976లో 28 కీటక గుంపుల లెక్కలకు ఇలాంటి మోడల్ అమర్చి చూస్తే ఎక్కువ భాగం నిలకడ వైపే వచ్చాయి. కేయాస్ వైపు పడింది ల్యాబ్‌లో పెంచిన ఈగల గుంపు ఒక్కటే, అది ఆస్ట్రేలియాలో కీటక శాస్త్రవేత్త నికల్సన్ పెంచిన గొర్రె ఈగ. బయట పొలంలో r అంత ఎక్కువగా ఉండటం అరుదు. అయితే ఒకే జాతికి రాసిన మోడల్‌కు శత్రు కీటకాల ప్రభావం కనిపించదన్నదీ గుర్తుంచుకోవాలి.

మరి కేయాస్ కాగితం మీదే ఉంటుందా? ఇక్కడే మన పిండి పురుగు మళ్లీ వస్తుంది. అమెరికాలో కాస్టాంటినో, డెషార్నే, కుషింగ్, డెన్నిస్ అనే నలుగురు సీసాల్లో 20 గ్రాముల పిండి వేసి ట్రైబోలియం పెంచి, రెండు వారాలకోసారి మొత్తం జల్లించి లెక్కపెట్టారు. వాళ్ల మోడల్‌లో లార్వా, ప్యూపా, పెద్ద పురుగు వేరువేరు. లార్వాలు, పెద్దవి గుడ్లు తింటాయి, పెద్దవి ప్యూపాలు కూడా తింటాయి, ఈ మూడు తిండ్లూ రికర్‌లో లాగే `exp` రూపంలో ఉంటాయి. ముందు మోడల్‌తో జోస్యం చెప్పి, తర్వాత సీసాల్లో పెద్ద పురుగుల చావు రేటును 0.96 కి తెచ్చి, పెద్దవిగా మారే ప్యూపాల వంతును కూడా ప్రతి లెక్కింపులో తీసేస్తూ, చేరుస్తూ తాము అనుకున్న చోట ఉంచారు. ప్యూపాలను తినే గుణకం 0.35 దగ్గర కేయాస్, 1.0 దగ్గర మూడు కాలాల చక్రం రావాలని మోడల్ చెప్పింది. సీసాలు అలాగే నడిచాయని 1997లో ప్రకటించారు. నాకు ఇందులో బాగా నచ్చింది క్రమం: ముందు జోస్యం, తర్వాత పురుగులు.

తర్వాత 2001లో అదే బృందం ఒక చిక్కు బయటపెట్టింది. పురుగులు పూర్ణసంఖ్యలు, అరపురుగు ఉండదు. సీసాలో పట్టే పురుగులకు హద్దుంది కాబట్టి ఉండగల స్థితులూ పరిమితమే, యాదృచ్ఛికం లేని మోడల్ ఎప్పుడో ఒకప్పుడు పాత స్థితికే తిరిగి రావాలి, అంటే ఖచ్చితమైన అర్థంలో కేయాస్ సాధ్యం కాదు. వాళ్ల సీసాల లెక్కల్లో కేయాస్ ఛాయలు, పూర్ణసంఖ్యల వల్ల వచ్చే చక్రాల ఛాయలు రెండూ కలిసి కనిపించాయి. మీ షీట్‌లోనూ ఇది చూడొచ్చు: B3 ఫార్ములాను `ROUND(...,0)` లో పెట్టి r = 3 తో నడపండి, వరస ఎక్కడ మొదటిసారి తిరిగి పాత అంకెకు వచ్చిందో వెతకండి, అక్కడి నుంచి అది చక్రమే. తర్వాత K ని 100 నుంచి 10,000 చేసి మళ్లీ వెతికితే, ఆ మొదటి పునరావృతం సాధారణంగా చాలా కిందికి జరిగిపోతుంది.